ఆదివారం రాత్రి డ్యూటీ ఎక్కినవాళ్లు ఎన్నింటికి దిగాలి?

ఒక మందుల ఫ్యాక్టరీ ఉందనుకుందాం. వారమంతా, రాత్రీ పగలూ నడుస్తుంది. ఎ షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా, బి షిఫ్టు 2 నుంచి రాత్రి 10 దాకా, సి షిఫ్టు రాత్రి 10 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా. ఆఫీసు, స్టోర్సు సిబ్బందికి జనరల్ షిఫ్టు. ఉదయం 6కల్లా గేటు దగ్గర ఉండాలంటే దూరపు ఊళ్లవాళ్లు నాలుగున్నరకే కంపెనీ బస్సు ఎక్కాల్సి వస్తోంది. అందుకని ప్రతి షిఫ్టూ గంట ఆలస్యంగా మొదలవ్వాలని యాజమాన్యం అనుకుంది. ఇకపై 7, 3, 11. కార్మికులు ఎప్పటినుంచో అడుగుతున్నదే. జూన్ 12న నోటీసు బోర్డుమీద ఈ కాగితం అంటించారు:

"విషయం: షిఫ్టు సమయముల సవరణ గురించి. సూచిక: 1) యాజమాన్య కమిటీ సమావేశపు తీర్మానము. 2) రవాణా విభాగము వారి నివేదిక. పై సూచికలను అనుసరించి, కార్యకలాపముల సామర్థ్యమును, ఉద్యోగుల సౌలభ్యమును దృష్టియందుంచుకొని, యాజమాన్యము నిశితముగా పరిశీలించిన మీదట షిఫ్టు ప్రారంభ సమయములను 07.00, 15.00, 23.00 గంటలుగా సవరించడమైనది. ఈ సవరణ 06.07.2026 నుండి అమలులోనికి వచ్చును. సంబంధిత ఉద్యోగులందరూ గమనించి సహకరించవలసినదిగా కోరడమైనది."

ఇందులో అబద్ధం లేదు. వేళలు ఉన్నాయి, తేదీ ఉంది. అయినా బోర్డు దగ్గరికి వచ్చినవాళ్లు చదివి, పక్కవాణ్ని అడిగి, అక్కడా తేలక టైం ఆఫీసుకు వెళతారు. వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఇది మాకూ వర్తిస్తుందా? బస్సు ఎన్నింటికి వస్తుంది? ఆదివారం రాత్రి పదింటికి ఎక్కినవాళ్లు సోమవారం ఆరింటికి దిగాలా, ఏడింటికా?

ఆ చివరి ప్రశ్న దగ్గర టైం ఆఫీసు గుమాస్తా కూడా ఆగిపోతాడు. జూలై 6 సోమవారం. ఆదివారం రాత్రి 10కి సి షిఫ్టు ఎక్కినవాళ్లు పాత లెక్కన సోమవారం ఉదయం 6కి దిగాలి. కొత్త లెక్కన ఎ షిఫ్టు వచ్చేది 7కి. ఆ మధ్య గంటలో రియాక్టర్ దగ్గర ఎవరుంటారు? సమాధానం నోటీసులో లేదు. రాసినవాళ్లు దాచారని కాదు, ఆ విషయం అసలు ఎవరూ తేల్చుకోలేదు. నోటీసు సరిగ్గా రాయడానికి కూర్చుంటేనే ఇలాంటి ఖాళీ బయటపడుతుంది. అందుకే మార్పు ప్రకటన రాసే పనిని నిర్ణయమంతా అయిపోయాక టైపిస్టుకు అప్పగించకూడదని నేను గట్టిగా నమ్ముతాను. నిర్ణయం తీసుకున్నవాళ్లు ఆ కాగితం ముందు కూర్చోవాలి.

పై నోటీసు ఆకారం ఎక్కడిదో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రభుత్వ ఉత్తర్వుల ఆకారమే అది. జీవో తెరిస్తే పైన సంగ్రహం, తర్వాత చదవవలసిన పాత ఉత్తర్వుల పట్టిక, ఆ తర్వాత ఆ పాత ఉత్తర్వుల్లో ఏముందో వరుసగా చరిత్ర, చివర్లో ఎక్కడో "ప్రభుత్వం ఇందుమూలంగా ఉత్తర్వు చేయడమైనది" అన్న వాక్యం. ఆ వరుసకు కారణం ఉంది. ఏ అధికారంతో, ఏ ప్రతిపాదన మీద, ఏ పాత ఉత్తర్వును సవరిస్తూ ఇది ఇచ్చారో ఫైల్లో కనబడాలి. రేపు ఆడిట్‌వాళ్లు అడిగినా, కోర్టు అడిగినా అదే ఆధారం. కాబట్టి జీవోను ఆ పద్ధతిలో రాయడం తప్పు కాదు. ఫైలు కోసం రాసిన కాగితాన్ని అలాగే తెచ్చి మనుషుల ముందు అంటించడమే తప్పు. జీతాల మీదో సెలవుల మీదో కొత్త జీవో రాగానే మన ఉపాధ్యాయ సంఘాలు "ఎవరికి వర్తిస్తుంది, ఏ నెల జీతం నుంచి" అంటూ విడిగా వివరణ రాసి పంచుతుంటాయి. ఆ పని ఉత్తర్వు ఇచ్చిన ఆఫీసే పైన ఒక పేజీ జతచేసి చేయవచ్చు.

ఫ్యాక్టరీల విషయంలో ఇంకో చిక్కుంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 9ఎ సెక్షను ప్రకారం పని గంటలు, విశ్రాంతి వేళలు, అలవెన్సులు, సెలవుల వంటి షరతులను మార్చాలంటే కార్మికులకు ముందుగా నోటీసు ఇవ్వాల్సి ఉండేది. ఇచ్చిన 21 రోజుల లోపల మార్పు అమలు చేయకూడదని ఉండేది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షనులోనూ అదే గడువు ఉంది. పాత చట్టం కింద కేంద్ర నిబంధనల్లో ఈ నోటీసుకు 'ఫారం ఇ' అని ఒక నమూనా ఉండేది. ఏ మార్పు చేయదలిచామో అనుబంధంలో రాయాలి, ఏ తేదీ నుంచో పైన రాయాలి. అంటే ఏం మారుతుంది, ఎప్పటినుంచి అన్న రెండు ప్రశ్నలనూ చట్టం అప్పుడే పట్టించుకుంది. కార్మికుడు ఏం చేయాలన్న మూడో ప్రశ్నకు మాత్రం ఆ ఫారంలో గడి లేదు. చట్టానికి కావలసింది ముందస్తు సమాచారం, అభ్యంతరం చెప్పుకునే వ్యవధి. ఫారం నింపేశాం కాబట్టి అందరికీ చెప్పేశామని అనుకోవడం దగ్గరే చాలా సంస్థలు పొరబడతాయి.

ఇప్పుడు అదే మార్పును గేటు దగ్గరి మనిషికి కనబడేలా రాద్దాం. రాసేవాళ్లు ముందు ఆ మధ్య గంట సంగతి తేల్చుకోవాలి. ఆదివారం బి షిఫ్టును రాత్రి 11 దాకా ఉంచి సి షిఫ్టును 11కి రమ్మనవచ్చు, లేదా సి షిఫ్టునే సోమవారం 7 దాకా ఉంచవచ్చు. ఎటు చూసినా ఒక షిఫ్టు తొమ్మిది గంటలు పనిచేయక తప్పదు. వారానికి ఆరు రోజులు ఎనిమిదేసి గంటలంటే 48. ఈ గంటతో 49 అవుతుంది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షను ప్రకారం 48 దాటిన గంటకు రెట్టింపు కూలి ఇవ్వాల్సి ఉండేది. రాత్రి షిఫ్టు ఏ రోజు లెక్కలోకి వస్తుందన్న ప్రశ్నకు కూడా అదే చట్టం 57వ సెక్షనులో జవాబుండేది. అర్ధరాత్రి తర్వాత చేసిన గంటలు ముందు రోజు కిందికే వస్తాయి, షిఫ్టు ముగిసిన క్షణం నుంచే ఆ మనిషికి కొత్త రోజు. కాబట్టి ఆదివారం రాత్రి ఎక్కినవాళ్ల తొమ్మిది గంటలూ ఆదివారం పనే. మన ఫ్యాక్టరీ సి షిఫ్టును ఉంచాలనుకుందని అనుకుందాం. అప్పుడు నోటీసు ఇలా ఉంటుంది:

"షిఫ్టు వేళలు మారుతున్నాయి: జూలై 6, సోమవారం ఉదయం 7 గంటల నుంచి.

ఎవరికి: ఎ, బి, సి షిఫ్టుల్లో పనిచేసే అందరికీ, కాంట్రాక్టు కార్మికులకు కూడా. జనరల్ షిఫ్టులో ఏ మార్పూ లేదు.

ఎ షిఫ్టు: ఇప్పుడు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2. కొత్తగా ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3.
బి షిఫ్టు: ఇప్పుడు మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. కొత్తగా మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11.
సి షిఫ్టు: ఇప్పుడు రాత్రి 10 నుంచి ఉదయం 6. కొత్తగా రాత్రి 11 నుంచి ఉదయం 7.

మారే రాత్రి: జూలై 5, ఆదివారం సి షిఫ్టు ఎప్పటిలాగే రాత్రి 10కి ఎక్కాలి. సోమవారం ఉదయం 7కి దిగాలి. చివరి గంటకు ఓవర్‌టైం, రెట్టింపు కూలి. అది జూలై జీతంలో వస్తుంది.

మీరు చేయవలసింది: సోమవారం ఉదయం నుంచి మీ స్టాపుకు బస్సు ఇప్పటికంటే గంట ఆలస్యంగా వస్తుంది, ఆ వేళకు రండి. బి షిఫ్టు మహిళలు రాత్రి 11 దాకా పనిచేయడానికి సమ్మతి ఇస్తారో లేదో జూన్ 25 లోగా టైం ఆఫీసులో రాసివ్వాలి. రాసివ్వనివాళ్లకు జూలై 6 నుంచి ఎ షిఫ్టు వేస్తాం, జీతం తగ్గదు. మిగిలినవాళ్లు ఏ కాగితమూ ఇవ్వనక్కర్లేదు.

మారనివి: ఎనిమిది గంటల పని, వారపు సెలవు, షిఫ్టు అలవెన్సు.

ఎందుకు: ఉదయం షిఫ్టు కోసం దూరపు ఊళ్లవాళ్లు 4.30కే బస్సు ఎక్కాల్సి వస్తోంది.

సందేహం ఉంటే: మీ షిఫ్టు ఇన్‌చార్జి, లేదా టైం ఆఫీసు."

మొదటి నోటీసుకంటే ఇది పొడుగు. క్లుప్తంగా ఉంటే చాలు, జనం చదువుతారన్న నమ్మకం ఆఫీసుల్లో బలంగా ఉంది కానీ నేను దానితో ఏకీభవించను. తనకు కావలసిన ముక్క మొదటి చూపులో దొరికితే పేజీ నిడివిని ఎవరూ లెక్కపెట్టరు. జనరల్ షిఫ్టు మనిషి రెండో పంక్తిలోనే తనకు సంబంధం లేదని తెలుసుకుని వెళ్లిపోతాడు. మార్పు లేనివాళ్లకు ఆ మాట విడిగా చెప్పకపోతే వాళ్లే టైం ఆఫీసు కిటికీ ముందు ఎక్కువమంది కనబడతారు.

పాత వేళ, కొత్త వేళ పక్కపక్కన పెట్టడానికీ కారణం ఉంది. "07.00, 15.00, 23.00గా సవరించడమైనది" అంటే తేడా ఎంతో చదివేవాళ్లే తీసివేసుకోవాలి. అలవాటైన వేళ కళ్లముందు ఉంటే తేడా దానంతటదే తెలుస్తుంది. పైగా ఇవాళ మన ఫ్యాక్టరీల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు తెలుగువాళ్లతో కలిసి పనిచేస్తున్నారు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం 9వ సెక్షను ఆ ఆర్డర్లను ఇంగ్లీషులోనూ, కార్మికుల్లో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలోనూ, ఎక్కువమంది లోపలికి వచ్చే గేటు దగ్గర ప్రత్యేక బోర్డుమీద పెట్టమంది. మంచి నియమమే. కానీ ఆ 'ఎక్కువమంది'లో లేనివాళ్ల భాష దాని పరిధిలోకి వచ్చేది కాదు. రెండు వరుసల అంకెల పట్టికను మాత్రం వాళ్లు కూడా పోల్చుకోగలరు. హిందీలో, ఒడియాలో తలా ఒక ప్రతి పక్కన అంటిస్తే ఇంకా మంచిది.

తేదీ దగ్గర ఇంకాస్త ఆగాలి. ఎక్కువ తగాదాలు పుట్టేది అక్కడే. ఏ మార్పు ప్రకటనలోనైనా మూడు నాలుగు తేదీలు కలగలిసి ఉంటాయి: కాగితం రాసిన తేదీ, అమలు తేదీ, ఉద్యోగి జవాబివ్వాల్సిన ఆఖరి తేదీ, డబ్బులో తేడా కనబడే నెల. వీటిలో శీర్షికలోకి ఎక్కాల్సింది అమలు తేదీ ఒక్కటే. కాగితం రాసిన తేదీ, నంబరు అడుగున ఉంటే చాలు. "5వ తేదీ రాత్రి 12 గంటల నుంచి" అని ఎప్పుడూ రాయకూడదు. ఆ పన్నెండు 5వ తేదీ మొదట్లోదో చివర్లోదో చెప్పలేం. వారం పేరు రాయాలి, "డ్యూటీ ఎక్కేవాళ్లు" అని మనిషితో ముడిపెట్టి రాయాలి. సెలవుల విషయంలోనైనా ఇంతే. "ఆగస్టు 1 నుంచి కొత్త సెలవు నిబంధన" అంటే ఆగస్టు 1 తర్వాత పెట్టిన దరఖాస్తులకా, తర్వాత వాడుకున్న సెలవులకా? జూలైలో మంజూరై ఆగస్టులో వాడుకునే సెలవు ఏ నిబంధన కిందికి వస్తుంది? తేదీ రాసేటప్పుడు అది ఏ పనికి వర్తిస్తుందో పక్కనే రాయకపోతే ఇద్దరు అధికారులు రెండు రకాలుగా అర్థం చెబుతారు.

ఇక "మీరు చేయవలసింది". "గమనించి సహకరించవలసినది" అన్న మాట చదివి ఎవరూ ఏ పనీ చేయలేరు. చేయాల్సినదానికి ఒక పని, ఒక చోటు, ఒక గడువు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఏమీ చేయకుండా ఊరుకుంటే ఏమవుతుందో ఉండాలి. పై నోటీసులో మహిళల పంక్తి అందుకే పెట్టాం. రాత్రి 7 తర్వాత మహిళలు పనిచేయాలంటే వాళ్ల సమ్మతి ఉండాలని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 43వ సెక్షను అంటోంది. రాత్రి పది దాకా ఉంటామని ఇదివరకు ఒప్పుకున్న ఆమె పదకొండుకు కూడా ఒప్పుకుందని అనుకోకూడదు. ఆమె ఇల్లు చేరే వేళ మారుతోంది. షిఫ్టులన్నీ గంట జరుగుతున్నాయంతే అని చూసినవాళ్ల కంటికి ఈ గుంపు ఆనదు. నోటీసు రాసేటప్పుడు ప్రతి షిఫ్టులో ఎవరెవరున్నారో మస్టర్ రోలు ముందు పెట్టుకుని చూస్తేనే తెలుస్తుంది. ఇక్కడ మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు కాబట్టి, రాసివ్వనివాళ్లకు ఎ షిఫ్టు అని తేల్చి చెప్పాం.

మౌనానికి అర్థం ఎంత పెద్ద విషయమో ఈమధ్య కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు చూశారు. ఏకీకృత పింఛను పథకాన్ని కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరి 24న నోటిఫై చేసింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలు. అప్పటికే జాతీయ పింఛను పథకంలో ఉన్న ఉద్యోగులు కొత్తదానికి మారదలిస్తే మొదట జూన్ 30 లోగా ఐచ్ఛికం ఇవ్వాలన్నారు. ఇవ్వకపోతే పాతదాంట్లోనే కొనసాగుతారు. రైల్వేలోనో తపాలా శాఖలోనో పనిచేసే ఉద్యోగికి ఈ ప్రకటనలో అన్నిటికంటే బరువైన వాక్యం ఆ చివరిదే. ఊరుకోవడం కూడా ఒక ఎంపికే అని అది చెబుతోంది. సర్క్యులర్‌లో అలాంటి వాక్యం పింఛను లెక్కల తర్వాత నాలుగో పేజీలో ఉంటే, తీరిగ్గా చదువుదామని పక్కన పెట్టిన మనిషి తనకు తెలియకుండానే ఒక నిర్ణయం తీసుకున్నట్టవుతుంది.

ఆ గడువును తర్వాత సెప్టెంబరు 30కి, మళ్లీ నవంబరు 30కి పొడిగించారు. పొడిగింపు మంచిదే అయినా దానితో కొత్త ఇబ్బంది వస్తుంది. మొదటి సర్క్యులర్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి. మూడు కాగితాలు, మూడు గడువులు. అలాంటప్పుడు "పై సూచికలో పేర్కొన్న తేదీని సవరించడమైనది" అని విడి కాగితం ఇస్తే చదివేవాళ్లు పాతది వెతుక్కోవాలి. పూర్తి నోటీసును కొత్త తేదీతో మళ్లీ ఇచ్చి, పైనే "గడువు నవంబరు 30. జూన్ 30, సెప్టెంబరు 30 అని ఉన్న పాత కాగితాలు ఇక చెల్లవు" అని రాస్తే, ఏ ఫొటో చేతికి వచ్చినా ఏది చెల్లుతుందో తెలిసిపోతుంది. ఫ్యాక్టరీ బోర్డుమీద ఇంకా తేలిక: పాతది తీసేయాలి. రెండూ పక్కపక్కన ఉంచితే చదివేవాళ్లు తమకు అనుకూలమైనదాన్ని పట్టుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇంత రాసినా నోటీసు కొన్ని పనులు చేయలేదు. 21 రోజుల నోటీసు అంటే మార్చదలిచామన్న తెలియజేత. యూనియన్ అభ్యంతరం చెప్పవచ్చు. ఆ విషయం మీద లేబర్ ఆఫీసరు ముందు కన్సిలియేషన్ నడుస్తుంటే ఆ షరతును మార్చకూడదు. కాబట్టి "మార్చాలనుకుంటున్నాం, అభ్యంతరాలు ఫలానా తేదీలోగా చెప్పండి" అనే దశకూ, "మారుతోంది" అనే దశకూ తేడా శీర్షికలోనే తెలియాలి. యూనియన్‌తో ముందే ఒప్పందం కుదిరి ఉంటే ఆ సంగతి ఒక పంక్తిలో రాయాలి. కార్మికులు బోర్డు దగ్గర మొదట అడిగేది యూనియన్ ఒప్పుకుందా అనే. తేలని విషయాన్ని తేలినట్టు రాసి, వారం తర్వాత వాయిదా కాగితం అంటిస్తే ఆ బోర్డుమీద తర్వాత వచ్చే ఏ తేదీనీ ఎవరూ నమ్మరు.

నోటీసు అందరికీ అందిందో లేదో జూలై 6 దాకా ఆగి చూడాల్సిన పని లేదు. అంటించిన రెండో రోజున షిఫ్టు ఇన్‌చార్జి ప్రతి షిఫ్టులో కొందరిని ఆపి అడగవచ్చు. అయితే "నోటీసు అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. "జూలై 6న నీకే షిఫ్టు? నీ స్టాపు దగ్గర బస్సు ఎన్నింటికి ఎక్కుతావు?" అని అడగాలి. సి షిఫ్టు మనిషినైతే ఆదివారం రాత్రి గురించి అడగాలి. జవాబు తడబడితే ఏ పంక్తి సరిగ్గా లేదో తెలిసిపోతుంది. టైం ఆఫీసులో ఒక పుస్తకం పెట్టి వచ్చిన ప్రశ్నలన్నీ రాసుకోవాలి. ఒకే ప్రశ్న నాలుగోసారి వచ్చిందంటే అది అడిగినవాళ్ల లోపం కాదు, నోటీసులో లేని పంక్తి. మన ఉదాహరణలో ఆ ప్రశ్న బహుశా క్యాంటీన్ గురించే అవుతుంది: ఉదయం టిఫిన్ ఇప్పుడు ఎన్నింటికి పెడతారు, ఆదివారం తొమ్మిది గంటలు పనిచేసినవాళ్లకు పొద్దున టీ ఉంటుందా? క్యాంటీన్ కాంట్రాక్టరుతో మాట్లాడి, ఆ పంక్తి కలిపి, అడుగున కొత్త తేదీ వేసి, పాత కాగితం తీసేసి దీన్ని అంటించాలి.